తెలుగూ ఇంగ్లీషూ కలిసి వచ్చే మెసేజ్‌లు: క్లినిక్ సిబ్బంది తరచుగా అడిగే ప్రశ్నలు

క్లినిక్ ఫోనుకు వచ్చే వాట్సాప్ మెసేజ్‌లు ఎక్కువగా రెండు భాషలూ కలిసినవే. తెలుగు వాక్యంలో ఇంగ్లీషు జబ్బు పేరు ఉంటుంది, లేదా తెలుగు మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. వాటికి జవాబులు రాసే రిసెప్షన్, ల్యాబ్ సిబ్బంది నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను. చాలా ఏళ్లు నేనూ ఆ కుర్చీలో కూర్చుని జవాబులు రాశాను. వైద్యం చెప్పాల్సింది డాక్టరుగారు. పేషెంటు చెప్పిన మాట వేరే అర్థంతో ఆయనకు చేరకుండా చూడటం మన బాధ్యత.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటకు రెండు అర్థాలు వస్తే ఎలా?

నాకు జీవితాంతం గుర్తుండిపోయే మెసేజ్ ఇది:

```
nannaki kallu noppulu, appointment kavali
```

నేను దాన్ని కళ్ళు అని చదివి, నాలుగు రోజుల తర్వాత కంటి డాక్టరుకు అపాయింట్‌మెంట్ ఇచ్చాను. ఆ పెద్దాయనకు నొప్పి ఉన్నది కాళ్ళలో. పన్నెండేళ్లుగా షుగర్ ఉన్న మనిషి, అరికాలికి పుండు పడింది. నాలుగు రోజులు ఊరికే పోయాయి. ఆయన కాలు నిలిచింది గానీ, ఆ నాలుగు రోజుల ఆలస్యం మాత్రం మెసేజ్ చదవడంలో నేను చేసిన పొరపాటే.

తెలుగులో హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా వస్తే మాటే మారిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసేవారు ఆ తేడా గానీ, ల, ళల తేడా గానీ చూపించరు. అందుకే కళ్ళు, కాళ్ళు, చివరికి తాగే కల్లు కూడా ఒకే రూపంలోకి వస్తాయి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఇంటర్నెట్ తొలి రోజుల్లో తెలుగువారు వాడిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఈ ఇబ్బంది లేదు. పెద్దక్షరాలు వాడి మూడింటినీ విడివిడిగా రాసేవారు:

```
kaLLu = కళ్ళు
kALLu = కాళ్ళు
kallu = కల్లు
```

ఈ రోజు పేషెంటు నుంచి అంత నియమం ఆశించలేం. దీనికి నేను కనిపెట్టుకున్న ఉపాయం ఒకటి ఉంది. అనుమానం బహువచనంలో వచ్చినప్పుడు ఏకవచనంలో అడగండి. కళ్ళు, కాళ్ళు కలిసిపోతాయి గానీ కన్ను, కాలు కలవవు. పళ్ళు అన్నప్పుడు నోట్లోవో తినేవో తెలియదు, పన్ను, పండు అంటే తెలిసిపోతుంది. కాబట్టి తిరిగి ఇలా రాయండి:

```
Noppi kannu lona, kaalu lona?
```

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వచ్చేవరకూ అపాయింట్‌మెంట్ ఇవ్వవద్దు.

ఇలాంటిదే మరొకటి:

```
report pampara
```

ఇది "పంపారా" అనే మామూలు ప్రశ్న కావచ్చు, "పంపరా" అనే ఫిర్యాదు కావచ్చు. ఈసారి మాత్రం ఏదని అడగనక్కర్లేదు. రిపోర్టు ఎప్పుడు పంపామో, పంపకపోతే ఎన్ని గంటలకు పంపుతామో రాస్తే రెండింటికీ జవాబు అవుతుంది. అర్థం ఏదైనా మనం చేయాల్సింది ఒక్కటే అయినప్పుడు పేషెంటును ఎదురు ప్రశ్నలతో విసిగించకూడదు.

"ఫిట్స్", "మోషన్" లాంటి ఇంగ్లీషు మాటలు ఏ అర్థంలో వాడారో ఎలా పోల్చుకోవాలి?

పక్కనున్న తెలుగు క్రియను చూడండి. ఇంగ్లీషు మాట మన వాక్యంలోకి వచ్చాక దాని అర్థాన్ని తెలుగు క్రియే నిర్ణయిస్తుంది. "ఫిట్స్ వచ్చాయి" అంటే మూర్ఛ. "ఫిట్‌గా ఉన్నారు" అంటే ఆరోగ్యంగా ఉన్నారని. "మోషన్ రావడం లేదు" అంటే మలబద్ధకం. "మోషన్స్ అవుతున్నాయి" అంటే విరేచనాలు. రెండింటిలోనూ నామవాచకం ఒకటే, బాధలు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. డాక్టరుగారికి రాసే చీటీలో "మోషన్ ప్రాబ్లమ్" అని మాత్రమే ఎక్కిస్తే పేషెంటు స్పష్టంగా చెప్పిన సంగతిని మనమే చెరిపేసినట్టు. క్రియతో సహా ఎక్కించండి.

కొత్తగా చేరినవారు "డౌట్" అనే మాటకు నొచ్చుకోవడం చూశాను. "నాకో డౌట్ ఉంది" అంటే మన ఊళ్లలో "ఒక సంగతి అడగాలి" అని మాత్రమే. ఎవరినో అనుమానిస్తున్నారని కాదు. అనుమానమే అయితే "రిపోర్టు మీద డౌట్‌గా ఉంది" అని రాస్తారు. అక్కడ "మీద" అన్న మాట గమనించండి.

"షుగర్ తగ్గింది" అంటే మంచి వార్తా, ప్రమాదమా?

రెండూ కావచ్చు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. ఇలాంటి మెసేజ్ ఒకటి వచ్చిందనుకోండి:

```
amma ki kallu tiruguthunnayi, sugar taggindi, tablet veyyala vadda
```

మొదటి ముక్కలో అనుమానం లేదు. తిరుగుతున్నాయి అన్న క్రియ వల్ల అవి కళ్ళే, అంటే తల తిరుగుతోంది. చిక్కంతా రెండో ముక్కలో ఉంది. నిన్న 280 ఉన్న షుగర్ ఇవాళ 150కి దిగినా "తగ్గింది" అనే అంటారు. 55కి పడిపోయినా అదే మాట. మొదటిది సంతోషించాల్సిన విషయం, రెండోది అత్యవసరం. మూడో ముక్కలో ఉన్న టాబ్లెట్ ఏది? తల తిరగడానికి వేసేదా, రోజూ వేసుకునే షుగర్ మాత్రా? షుగర్ పడిపోయి ఉన్న మనిషికి మళ్లీ షుగర్ మాత్రే ఇస్తే అది ఇంకా దిగిపోవచ్చు.

"కళ్ళు తిరుగుతున్నాయి" అన్న మాట పక్కన ఉంది కాబట్టి దీన్ని ప్రమాదం కిందే లెక్కవేయాలి. టైపు చేస్తూ కూర్చోవద్దు, వెంటనే ఫోను చేయండి. ముందుగా అడగాల్సింది "మిషన్‌లో అంకె ఎంత చూపించింది?" అని. ఆ తర్వాత "అమ్మగారు తెలివిలో ఉన్నారా, మింగగలరా?" అని. మూడో ప్రశ్న "ఏ మాత్ర గురించి అడుగుతున్నారు?" అన్నది. అది ఏ మాత్రో తేలి, డాక్టరుగారు చెప్పేదాకా ఏదీ వేయవద్దని చెప్పండి.

అంకె 70 mg/dL కంటే తక్కువైతే షుగర్ పడిపోయినట్టే. మింగగలిగే స్థితిలో ఉంటే ముందు దాదాపు 15 గ్రాముల చక్కెర, అంటే మూడు టీస్పూన్లు, నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్ష చేయడం అందరూ పాటించే పద్ధతి. మీ డాక్టరుగారితో ఈ సూచనను ముందే కాగితం మీద రాయించి, సంతకం చేయించి, ఫోను పక్కన అంటించుకోండి. అప్పుడు మీరు సొంత వైద్యం చెప్పినట్టు కాదు. మనిషి తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దని చెప్పి 108కి ఫోను చేయించాలి. ఇంట్లో మిషన్ లేదంటే దానికోసం వెతకమని చెప్పవద్దు. నేరుగా డాక్టరుగారికి ఫోను కలపండి.

ఫోను ముగిశాక చీటీలో "షుగర్ తగ్గింది" అని రాయకండి. "షుగర్ 55, ఉదయం 11.20కి, కళ్ళు తిరుగుతున్నాయి, తెలివిలో ఉన్నారు" అని రాయండి.

అంకె ఇచ్చారు గానీ అది దేనిదో అర్థం కావడం లేదు. ఏం చేయాలి?

"షుగర్ 6.8 ఉంది" అని వస్తే మన దగ్గర అది సాధారణంగా మూడు నెలల షుగర్ పరీక్ష, అంటే HbA1c శాతం. ఆ మెసేజ్ బ్రిటన్ నుంచో ఆస్ట్రేలియా నుంచో వస్తే మాత్రం మిషన్ చూపించిన అంకె కావచ్చు. అక్కడి మిషన్లు mmol/L లో చూపిస్తాయి. దాన్ని 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది, 6.8 అంటే దాదాపు 122. బ్రిటన్‌లో HbA1c కూడా వేరే కొలతలోనే ఇస్తారు. మన 6.8 శాతం అక్కడ 51 అవుతుంది. "నాన్నగారి షుగర్ 51" అన్న మెసేజ్ చూస్తే మనకు గుండె ఆగినంత పని అవుతుంది. తీరా అక్కడి డాక్టరు బాగానే ఉందని చెప్పిన అంకె అయి ఉండవచ్చు. నిజంగానే మిషన్ చూపించిన 51 కావచ్చు కూడా. అందుకే రిపోర్టు కాగితాన్నో మిషన్ తెరనో ఫోటో తీసి పంపమని అడగండి, మనిషి ఎలా ఉన్నారో అదే నిమిషంలో అడగండి. అంకె పక్కన ఉన్న కొలత పేరు చూడకుండా ఏ షుగర్ సంఖ్యనూ రిజిస్టరులోకి ఎక్కించవద్దు.

"మందు తాగారు" అని వస్తే?

ఈ మాటను మామూలుగా తీసుకోకండి. మందు అంటే ఔషధం, సారాయి, పొలానికి కొట్టే పురుగుల మందు కూడా. మాత్ర అయితే "వేసుకున్నారు" అంటారు. "తాగారు" అంటే సిరప్ కావచ్చు, మద్యం కావచ్చు. పల్లెల నుంచి వచ్చే మెసేజ్‌లో అది పురుగుల మందే అయ్యే అవకాశం గట్టిగా ఉంటుంది. ఇంట్లోవాళ్లు సిగ్గుతో, భయంతో "పురుగుల" అన్న మాట వదిలేస్తారు.

```
thammudu mandu tagadu, em cheyali
```

"ఏం చేయాలి" అన్న ఆత్రం ఉంది కాబట్టి ఇది సిరప్ సంగతే అనుకోవద్దు. వెంటనే ఫోను చేసి "ఏ మందు? సీసా మీద ఏం రాసి ఉంది?" అని అడగండి. ఎందుకు తాగాడని మాత్రం అడగవద్దు. పురుగుల మందు అని తేలితే 108కి ఫోను చేయించండి. బలవంతంగా వాంతి చేయించవద్దని చెప్పండి. సీసానో డబ్బానో ఆసుపత్రికి తీసుకెళ్లమనండి, దాని మీద ఉన్న పేరును బట్టే అక్కడ చికిత్స మొదలవుతుంది.

"ఫాస్టింగ్‌లో ఉన్నాను" అంటే పరీక్ష కోసమా, ఉపవాసమా?

క్యాలెండరు చూడండి. ఏకాదశో, కార్తీక సోమవారమో, రంజాన్ నెలో అయితే ఉపవాసమే అయ్యే అవకాశం ఎక్కువ. ల్యాబులో పేరు ముందే నమోదై ఉంటే పరీక్ష కోసం. ఎలాగైనా అడిగి తెలుసుకోండి, ఎందుకంటే దీని వెనుక వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ "టాబ్లెట్ వేసుకోవచ్చా?" అన్నదే. పరీక్ష కోసం అయితే రక్తం ఇచ్చి, తిని, వేసుకుంటారు. ఉపవాసంలో ఉన్నవారు రోజంతా తినకుండా షుగర్ మాత్ర వేసుకునే ప్రమాదం ఉంది. ఆ ప్రశ్న డాక్టరుగారికే వెళ్లాలి.

జవాబు ఏ భాషలో ఇవ్వాలి?

ఇక్కడ నిజానికి రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఒకటి భాష, రెండోది లిపి. మన డెస్కుల్లో జరిగే గందరగోళం ఎక్కువగా ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే వస్తుంది.

భాషకు గుర్తు మళ్లీ క్రియే. "అపాయింట్‌మెంట్ కన్ఫర్మ్ అయ్యిందా, రిపోర్ట్స్ కలెక్ట్ చేసుకోవచ్చా" అన్న మెసేజ్‌లో నామవాచకాలన్నీ ఇంగ్లీషే. అయినా వాక్యాన్ని నడిపేది "అయ్యిందా", "చేసుకోవచ్చా" అన్న తెలుగు ముక్కలు. అది తెలుగు మెసేజ్, జవాబు తెలుగులోనే ఉండాలి. రెండు భాషలు కలిసినప్పుడు వాక్యానికి చట్రం ఒక భాషే ఇస్తుందని భాషాశాస్త్రవేత్త కెరోల్ మయర్స్-స్కాటన్ 1990లలో వివరించారు. మనకు అంత సిద్ధాంతం అక్కర్లేదు, వాక్యం చివర చూస్తే చాలు. పేషెంటు వాడిన ఇంగ్లీషు మాటలను అలాగే ఉంచండి. రిపోర్టు అన్నవారికి "నివేదిక" అని రాస్తే దూరం పెరుగుతుంది.

లిపి సంగతి వేరు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవారిలో రెండు రకాలవారు ఉంటారు. ఒకరు రోజూ తెలుగు పేపరు చదివేవారే, ఫోనులో తెలుగు కీబోర్డు అలవాటు లేక అలా రాస్తారు. మరొకరు ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగు చక్కగా మాట్లాడగలిగినా అక్షరాలు చదవలేనివారు. మెసేజ్ చూసి ఎవరెవరో చెప్పలేం. అందుకే మొదటి జవాబు వారు రాసిన లిపిలోనే ఇవ్వండి, చివర ఒక్క వాక్యం తెలుగు లిపిలో చేర్చండి: "ఇకపై తెలుగు అక్షరాల్లో పంపమంటారా?" చదవగలిగినవారు అవునంటారు. ఆ సమాధానాన్ని పేషెంటు పేరు పక్కన రాసిపెట్టుకుంటే మళ్లీ అడగాల్సిన పని ఉండదు.

మాత్రల వివరాలు మాత్రం వీలున్నంతవరకూ తెలుగు లిపిలో వెళ్లాలి. కళ్ళు, కాళ్ళ గందరగోళం మన జవాబులోనూ పుట్టగలదు.

మెసేజ్ పంపింది అమెరికాలో ఉన్న అబ్బాయి, పేషెంటు ఊళ్లో ఉన్న అమ్మ. అప్పుడు?

జవాబును చివరికి చదివేది ఎవరో అడగండి. అబ్బాయి ఇంగ్లీషులో రాశాడని ఇంగ్లీషులో జవాబు ఇస్తే, దాన్ని ఆయన అమ్మకు ఫోనులో తన మాటల్లో చెబుతాడు, మధ్యలో ఒక మాత్ర జారిపోతుంది. నేను రెండు మెసేజ్‌లు విడివిడిగా పంపేదాన్ని. అబ్బాయికి ఆయన రాసిన భాషలో ఒకటి, అమ్మకు యథాతథంగా పంపడానికి తెలుగు లిపిలో మరొకటి. రెండోది "అమ్మా, ఉదయం తిన్న తర్వాత తెల్లమాత్ర ఒకటి వేసుకోండి" అని నేరుగా ఆమెతో మాట్లాడుతున్నట్టు ఉండాలి. అమ్మ చదవలేరంటే అదే వాక్యాన్ని నిదానంగా చదివి వాయిస్ మెసేజ్ పంపండి.

తేదీలు అంకెల్లో రాయవద్దు. 5/6 అంటే మనకు జూన్ 5, అమెరికాలో ఉన్నవారికి మే 6. నెల పేరు రాయండి.

వాక్యం ఇంగ్లీషులో ఉండి మధ్యలో ఒక్క తెలుగు మాట వస్తే?

```
Mom has vedi since Monday. Any test needed?
```

క్రియ ఇంగ్లీషు కాబట్టి జవాబు ఇంగ్లీషులోనే. ఆ తెలుగు మాటను మాత్రం మీరు జ్వరం అని అనువదించేయకండి. "వేడి చేసింది" అంటే ఒకరికి నోట్లో పుండ్లు, ఒకరికి మూత్రంలో మంట, ఒకరికి ఒళ్లు వెచ్చబడటం. రాసిన వ్యక్తి దానికి ఇంగ్లీషు మాట దొరకకే తెలుగులో వదిలారు. ఆ మాటను అలాగే తిరిగి వాడి, ఎక్కడ, ఎలా ఉందో అడగండి. చీటీలో కూడా ముందు "వేడి" అని వారి మాట రాసి, తర్వాత వివరం రాయండి.

మన జవాబుల్లోనే అస్పష్టత ఉంటుందా?

ఉంటుంది, నేను చూసినంతవరకూ ముఖ్యంగా "టిఫిన్ తర్వాత" అన్న చోట. మనం ఉదయం అనుకుని రాస్తాం. షుగర్ ఉన్న చాలామంది రాత్రి అన్నం మానేసి చపాతీయో ఇడ్లీయో తింటారు, దాన్నీ టిఫిన్ అనే అంటారు. ఉదయం మాత్ర రాత్రికి మారిపోతుంది. కాబట్టి పూట పేరు తప్పకుండా రాయండి. అలాగే 1/2 అని రాస్తే అరమాత్ర అని ఒకరు, ఒకటో రెండో అని మరొకరు అనుకుంటారు. అక్షరాల్లో "అరమాత్ర" అనే రాయండి.

"ఓకే" అని జవాబు వస్తే అర్థమైనట్టేనా?

మీరు రెండు దారులు ఇచ్చి అడిగినప్పుడు, ఉదాహరణకు "కన్నా, కాలా" అన్నప్పుడు, "ఓకే" అని వస్తే జవాబు రానట్టే. మళ్లీ అడగండి, లేదా ఫోను చేయండి. మాత్రల సంగతి చెప్పాక "ఓకే" వస్తే "ఉదయం ఏది వేసుకుంటారో ఒకసారి రాయండి అమ్మా" అని అడగండి. వారు తమ మాటల్లో తిరిగి రాసింది మీరు పంపిన దానితో సరిపోలితేనే ఆ పేషెంటు పేరుకు ఎదురుగా టిక్కు పెట్టండి.